పెద్దమ్మ పంపిన స్క్రీన్‌షాట్: ఒక ఫొటో పుట్టుక ఎలా వెతకాలి

2015 మే మొదటి వారం. నేపాల్ భూకంపం వచ్చి ఇంకా పది రోజులు కాలేదు. మా పెద్దమ్మ వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపింది. ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టిన ఫొటో అది. నాలుగేళ్లు కూడా ఉండని ఒక పిల్లాడు, వాడికంటే చిన్నదైన పాపను రెండు చేతులా పొదివి పట్టుకుని ఉన్నాడు. పాప కళ్లనిండా బెదురు. పైన తెలుగులో రెండు వాక్యాలున్నాయి: భూకంపంలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న చెల్లిని అన్న కాపాడుకుంటున్నాడట. కిందనే పెద్దమ్మ మాట: "ఒరేయ్, వీళ్లకి డబ్బులు ఎక్కడికి పంపాలో కాస్త కనుక్కోరా."

ఆ స్క్రీన్‌షాట్‌ను నేనింకా దాచుకున్నాను. ఫొటోల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే దాన్నే ముందు పెడతాను. ఈ పనిలో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి మరి.

మొదటి చిక్కు స్క్రీన్‌షాట్ అనేదానిలోనే ఉంది. మన చేతికొచ్చింది ఫొటో కాదు, ఫొటో కనిపిస్తున్న తెర తాలూకు ఫొటో. కెమెరాతో తీసిన ఫైల్ లోపల ఏ కెమెరా, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్న వివరాలు దాగి ఉంటాయి. కొన్నిసార్లు ఏ చోట తీశారో కూడా ఉంటుంది. తెరను పట్టినప్పుడు ఇవేవీ రావు. వచ్చేది పెద్దమ్మ ఫోను మీట నొక్కిన సమయం మాత్రమే. స్క్రీన్‌షాట్ కాకుండా మామూలుగా ఫార్వర్డ్ చేసిన ఫొటో అయినా ఇందులో పెద్ద తేడా లేదు. వాట్సాప్ దాన్ని మళ్లీ కుదించి, లోపలి వివరాలు తీసేసి పంపుతుంది. మన ఫోనులో దాని పేరు `IMG-20150504-WA0007.jpg` లాగా కనిపిస్తుంది. అందులోని తేదీని చూసి "మే 4న తీసిన ఫొటో" అని వాదించినవాళ్లను నేను చూశాను. అది ఫొటో తీసిన తేదీ కాదు, ఆ ఫోనుకు చేరిన తేదీ.

అలాగని స్క్రీన్‌షాట్ అంతా నష్టమే కాదు. ఫొటో చుట్టూ ఉన్న చెత్తలో పనికొచ్చేవి ఉంటాయి: పెట్టిన పేజీ పేరు, రాసిన మాటల తీరు, మూలన మసగ్గా ఉన్న వాటర్‌మార్క్. ఇవి కాగితం మీద రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాతి మెట్టులో వీటిని కత్తిరించి పారేస్తాం. ఒక్కటి మాత్రం నమ్మకూడదు. ఫేస్‌బుక్ పోస్టు కింద "2 గంటల క్రితం" అని ఉంటే, ఏ రోజుకు రెండు గంటల ముందో చెప్పేది అందులో ఏదీ లేదు. తెర పైన గడియారం ఉంటుంది, తేదీ ఉండదు.

ఇక కత్తిరించడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే, వెతికే యంత్రం ఫొటోను ఎలా చూస్తుందో కాస్త తెలియాలి. ఇందులో ఎన్నో పద్ధతులున్నాయి. అన్నిటికంటే సులువుగా అర్థమయ్యేది వేలిముద్ర లాంటిది. ఫొటోను ముందు నలుపు తెలుపు చేస్తారు. తర్వాత దాన్ని తొమ్మిది నిలువు వరసలు, ఎనిమిది అడ్డ వరసలు ఉన్న చిన్న గళ్ల పలకగా కుదించేస్తారు. ప్రతి అడ్డ వరసలో ఒక్కో గడినీ దాని కుడిపక్క గడితో పోల్చి, ఏది ఎక్కువ వెలుగు అని అడుగుతారు. వరసకు ఎనిమిది జవాబుల చొప్పున మొత్తం 64 వస్తాయి. ఈ 64 అవును-కాదులే ఆ ఫొటో వేలిముద్ర. రెండు ఫొటోల ముద్రల్లో కొద్ది జవాబులే తేడాగా ఉంటే అవి ఒకే ఫొటో తాలూకు ప్రతులని అనుకోవచ్చు.

ఈ పద్ధతి తెలిస్తే రెండు సంగతులు తేలిపోతాయి. ఫొటో మసగ్గా ఉందనీ చిన్నదిగా ఉందనీ మనం పడే బెంగ చాలావరకు అనవసరం. యంత్రం ఎలాగూ దాన్ని అంతకంటే చిన్నది చేసే పోలుస్తుంది. కాబట్టి ఫొటోకు పదును పెడతామనే యాప్‌ల జోలికి పోకుండా ఉండటమే మేలు. అవి లేని కనుబొమలు, లేని అక్షరాలు గీసిపెడతాయి. రెండో సంగతి, అసలు బెంగ పడాల్సింది అంచుల గురించి. పెద్దమ్మ పంపిన స్క్రీన్‌షాట్ 720 చుక్కల వెడల్పు, 1280 చుక్కల ఎత్తు. అందులో ఫొటో ఎత్తు 480. మొత్తం స్క్రీన్‌షాట్‌ను అలాగే వెతుకులాటకు ఇస్తే, ఎనిమిది అడ్డ వరసల్లో పిల్లలు ఉండేది మూడింటిలోనే. మిగతా ఐదింటిలో బ్యాటరీ గుర్తు, తెలుగు వాక్యాలు, లైకులు, కామెంట్లు ఉంటాయి. అలాంటి ముద్రకు దగ్గరగా వచ్చేవి అలాంటి స్క్రీన్‌షాట్లే.

నేటి పెద్ద యంత్రాలు ఈ గళ్ల పలక కంటే చాలా తెలివైనవి, నిజమే. గూగుల్ లెన్స్ స్క్రీన్‌షాట్ లోపల ఫొటో ఎక్కడుందో చాలాసార్లు తనే పసిగట్టి దాని చుట్టూ చట్రం గీస్తుంది. కానీ అక్కడే ఇంకో చిక్కు. ఫొటోలో అక్షరాలు కనిపిస్తే అది అక్షరాలనే చదవడం మొదలుపెడుతుంది. "నేపాల్" అన్న మాట దానికి దొరికిందంటే నేపాల్ ఫొటోలన్నీ కుప్పపోస్తుంది. మనకు కావలసింది ఆ మాట నిజమా కాదా అని తేల్చుకోవడం, అది మాత్రం ఆ మాటనే ఆధారం చేసుకుని వెతికిపెడుతుంది. అందుకే చట్రం మూలలు మన చేత్తో జరపాలి. తెల్ల అంచు ఒక్క గీతైనా మిగలకూడదు, అలాగని ఫొటో ఒక్క వేలెడైనా పోకూడదు. ఫొటో మీదే అక్షరాలు అచ్చై ఉంటే, అవి లేని భాగాన్ని విడిగా కత్తిరించి ఇంకోసారి వెతకాలి. తిరగేసిన ఫొటో అన్న అనుమానం ఉంటే, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి మరోసారి. ఫొటోలోని గోడ మీదో బండి నంబరు మీదో అక్షరాలు ఎదురు తిరిగి ఉంటే ఆ అనుమానం ఖాయమైనట్టే.

ఏ యంత్రం మేలని అడిగేవాళ్లు ఎక్కువ. అవి ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు కాబట్టి నేను ఒకదాన్ని ఎంచి చెప్పను. 2008లో కెనడాలో మొదలైన టిన్‌ఐ అడిగేది "ఇదే ఫొటో ఇంకెక్కడుంది?" అని. కత్తిరించినా, రంగు మార్చినా అదే ఫొటోను పట్టుకుంటుంది. పోలిక ఉన్న వేరే ఫొటోల జోలికి పోదు. గూగుల్ 2011లో ఫొటోతో వెతకడం మొదలుపెట్టింది, 2022లో ఆ పనిని లెన్స్‌కు అప్పగించింది. లెన్స్ మొదట అడిగేది "ఇందులో ఉన్నదేమిటి?" అని. అందుకే చీర ఫొటో పెడితే అలాంటి చీరలు అమ్మే దుకాణాలు చూపిస్తుంది. మనకు కావలసింది `Exact matches` అన్న మీట వెనక ఉంటుంది. అది నొక్కకుండా "గూగుల్‌లో ఏమీ దొరకలేదు" అనేవాళ్లే ఎక్కువ. రష్యా వాళ్ల యాండెక్స్ కట్టడాల్లో, మనుషుల ముఖాల్లో మిగతావాటి కంటే చురుకు. ముఖాల విషయంలో ఆ చురుకే నాకు భయం. ఊరూ పేరూ తెలియని మామూలు మనిషి ముఖాన్ని దాంట్లో పెట్టే ముందు, ఆ మనిషికి మనమేం చేయబోతున్నామో ఆలోచించుకోవాలి.

టిన్‌ఐలో ఫలితాలను `Oldest` అని వరస పెట్టుకోవచ్చు. స్క్రీన్‌షాట్ మూలం వెతికేవాళ్లకు ఇది వరం, దాంతోపాటు ఒక ఉచ్చు కూడా. అక్కడ కనిపించే తేదీ ఫొటో పుట్టిన తేదీ కాదు, కనీసం ఆ పేజీలో పెట్టిన తేదీ కూడా కాదు. టిన్‌ఐ క్రాలర్ ఆ ఫొటోను మొదటిసారి చూసిన తేదీ. ఫొటో అంతకుముందే ఎన్నేళ్లైనా అక్కడ ఉండి ఉండొచ్చు. మరోవైపు గూగుల్ ఫలితాల్లో పేజీ తేదీ దీనికి సరిగ్గా ఎదురు దిశలో మోసం చేస్తుంది. 2009లో రాసిన వ్యాసం పక్కన, నిలువు పట్టీలో "ఎక్కువమంది చదివినవి" అంటూ 2015 నాటి ఫొటో వేలాడుతూ ఉంటుంది. యంత్రం ఆ ఫొటోను 2009 పేజీలో చూశానని చెబుతుంది. పేజీ తెరిచి ఫొటో వ్యాసం లోపల ఉందో పక్కన ఉందో కళ్లారా చూడాలి. ఫొటో చిరునామాలో `/wp-content/uploads/2015/05/` లాంటి ముక్క ఉంటే, ఫొటో సర్వర్‌కు ఎక్కిన సంవత్సరం, నెల చాలావరకు అదే. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ పాత రూపం దొరికితే అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

ఇప్పుడు పెద్దమ్మ ఫొటోకు వద్దాం. నేపాల్ భూకంపం వచ్చింది 2015 ఏప్రిల్ 25న. అంటే మనకొక కంచె దొరికింది. ఆ తేదీకి ముందు ఈ ఫొటో ఒక్కచోట కనిపించినా చాలు, నేపాల్ కథ కూలిపోతుంది. ఫొటోతో వెతికినప్పుడు దొరికే మాటలతో మళ్లీ మామూలుగా వెతకడానికి గూగుల్‌లో ఇలా రాస్తే కంచెకు ఇవతలివి పక్కకు పోతాయి:

```
brother sister hugging orphans before:2015-04-25
```

కంచెకు అవతల ఈ ఫొటో ప్రతులు ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. ఒకచోట వీళ్లు సిరియా యుద్ధంలో అనాథలైన పిల్లలు. ఇంకోచోట బర్మా అనాథలు. అంతకంటే వెనక్కి వెళితే రాతలు వియత్నామీ భాషలో ఉన్నాయి. ఇక్కడికి వచ్చేసరికి వెతికేవాడికి చెమట ఆరుతుంది, దొరికేసిందన్న ధీమా వస్తుంది. అన్నిటికంటే పాతవి వియత్నాం నుంచి వచ్చినవి కదా, అయితే వీళ్లు వియత్నాం అనాథలే అనిపిస్తుంది. ఆ పోస్టుల్లో కథ కూడా పూర్తిగా ఉంది: తల్లి చనిపోయింది, తండ్రి వదిలేసి వెళ్లిపోయాడు అని.

అదీ అబద్ధమే. పాత ప్రతి కాబట్టి నిజం చెబుతుందని లేదు. కొత్త అబద్ధాన్ని కొట్టేయడానికి పాత అబద్ధం కూడా పనికొస్తుంది, అంతవరకే దాని విలువ.

నా లెక్కలో ఈ విద్య మొత్తానికి కీలకం ఇక్కడుంది. "ఈ ఫొటో నేపాల్‌ది కాదు" అనడానికీ "ఈ ఫొటో ఫలానాది" అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిదానికి కంచె అవతల ఒక్క ప్రతి చాలు, ఐదు నిమిషాల పని. రెండోదానికి కెమెరా పట్టుకున్న మనిషి కావాలి. నిజనిర్ధారణ పేరుతో వచ్చే వార్తల్లో చాలావరకు మొదటి మజిలీలోనే ఆగిపోయి, రెండోది కూడా చేరినట్టు శీర్షిక పెడతాయి.

ఆ ఫొటో విషయంలో రెండో మజిలీకి చేర్చిన మనిషి వియత్నాం ఫొటోగ్రాఫర్ నా సోన్ న్యూయెన్. 2015 మే నెలలో బీబీసీతో ఆయన చెప్పిన సంగతి ఇది. 2007 అక్టోబరులో ఉత్తర వియత్నాంలోని హా జాంగ్ ప్రాంతంలో కాన్ టీ అనే మారుమూల ఊరి మీదుగా వెళుతున్నాడు. ఒక ఇంటి ముందు ఇద్దరు హ్మాంగ్ తెగ పిల్లలు ఆడుకుంటున్నారు. అమ్మానాన్న పొలం పనికి వెళ్లారు. కొత్త మనిషిని చూసి రెండేళ్ల పాప ఏడుపు అందుకుంది. మూడేళ్లుంటాయేమో, అన్న దాన్ని దగ్గరికి తీసుకుని ఊరుకోబెట్టాడు. ఆయన ఫొటో తీసి తన బ్లాగులో పెట్టుకున్నాడు. మూడేళ్ల తర్వాత చూస్తే అదే ఫొటో వియత్నాం ఫేస్‌బుక్‌లో అనాథల కథతో తిరుగుతోంది. పాప బెదిరింది భూకంపానికో యుద్ధానికో కాదన్నమాట, కెమెరా పట్టుకుని ఎదురుగా నిల్చున్న పెద్దాయనను చూసి.

ఆయన మాట ఎందుకు నమ్మాలి? ఎవరైనా "నేనే తీశాను" అనొచ్చుగా? ఇలాంటి చోట అడగాల్సినవి మూడు నాలుగున్నాయి. అందరి దగ్గరా ఉన్న ఫొటో కంటే పెద్ద ఫైల్ ఉందా? అదే చోట ముందూ వెనకా తీసిన మిగతా ఫొటోలున్నాయా? ఊరు, నెల, పరిస్థితి చెప్పినప్పుడు ఫొటోలోని బట్టలూ వెలుగూ నేలా దానికి ఒప్పుతున్నాయా? అన్నిటికంటే నాకు నచ్చే పరీక్ష అంచులది. ఫొటోను కత్తిరిస్తూ పోతే తగ్గుతుందే తప్ప పెరగదు. అందుకని ఒక ప్రతిలో ఎడమవైపు గుమ్మం కనిపిస్తూ, మిగతా వందింటిలో కనిపించకపోతే, ఆ ఒక్కటీ వాటి నుంచి పుట్టలేదు. అది మూలానికి దగ్గరది. అంచుల బయట లేనిది గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఈ పరీక్ష కొంత బలహీనపడింది గానీ, పాత ఫొటోల విషయంలో ఇప్పటికీ చెల్లుతుంది.

మన తాళపత్ర ప్రతులను పరిష్కరించినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు ఊరూరా పోగేయించి, పండితుల చేత పోల్పించి 1829లో అచ్చు వేయించినప్పుడు ఎదురైన ప్రశ్నా ఇదే. ఏ రాతగాడి తప్పు ఏ ప్రతిలోకి పాకింది? రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే తప్పు ఉంటే అవి ఒకే తల్లి బిడ్డలు. ఫొటోల్లో ఆ తప్పు స్థానంలో ఒకే మూలన ఒకే వాటర్‌మార్క్ ముక్క ఉంటుంది, లేదంటే కుడివైపు ఒకే రకంగా తెగిన చెయ్యి. అలాంటి ప్రతులు నలభై ఉన్నా సాక్ష్యం ఒక్కటే. "ఇన్ని సైట్లలో ఉంది కాబట్టి నిజమే" అనేవాళ్లకు ఈ మాట ఎక్కించడం ఎందుకో చాలా కష్టం.

ఇంతవరకు ఒక ఫొటోకు ఒకే పుట్టుక అనుకున్నాం. అలా కాని సందర్భానికి పేరుమోసిన ఉదాహరణ, అమెరికాలో తుపాను వచ్చినప్పుడల్లా ఈదుకుంటూ వచ్చే సొరచేప. కారు కిటికీలోంచి తీసినట్టుండే ఫొటో, మునిగిన రోడ్డు మీద కారు పక్కనే సొరచేప. 2011లో ఐరీన్ తుపానప్పుడు ప్యూర్టోరికో వీధి అన్నారు, 2017లో హార్వీ వచ్చినప్పుడు హ్యూస్టన్ రహదారి అన్నారు. మొత్తం ఫొటోతో వెతికితే ఈ తుపాన్ల చుట్టూనే తిరుగుతాం, పాత తుపాను దగ్గర ఆగిపోతాం. సొరచేపను మాత్రం చుట్టూ నాలుగు వేళ్ల నీళ్లతో కత్తిరించి వెతికితే దారి మారుతుంది. అది థామస్ పెషాక్ దక్షిణాఫ్రికా తీరంలో తీసిన ఫొటో దగ్గరికి తీసుకెళుతుంది. పసుపుపచ్చ కయాక్ పడవలో ఒక మనిషి, వెనకే నీటి కింద పెద్ద తెల్ల సొరచేప. 2005లో ఆఫ్రికా జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చింది. సొరచేపను అక్కడినుంచి ఎత్తుకొచ్చి రోడ్డు మీద వదిలారు. దృశ్యంలో ఒక్క వస్తువు మీదే మన కన్ను పడుతోందంటే, దాన్ని విడిగా వెతకడం అలవాటు చేసుకోవాలి. ఈ కథకు ఒక కొసమెరుపుంది. 2022లో ఇయాన్ తుపానప్పుడు ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో మునిగిన పెరట్లో సొరచేప లాంటి చేప కొట్టుకుంటున్న వీడియో వచ్చింది. అందరూ నవ్వారు. ఆరా తీస్తే ఆ వీడియో అసలైనదే.

వీడియో నుంచి పట్టిన తెర అయితే వంకర కూడా తోడవుతుంది. 2017 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో పాకిస్తాన్ ప్రతినిధి మలీహా లోధీ, ముఖమంతా గాయాలున్న ఒక అమ్మాయి ఫొటో ఎత్తి చూపి కశ్మీర్‌లో పెల్లెట్ల దెబ్బ అన్నారు. అది 2014లో గాజాలో హెయిడీ లెవీన్ తీసిన ఫొటో. లోధీ చేతిలో ఆ ఫొటో అట్ట వాలుగా ఉంటుంది. వీడియోలో అట్ట నిటారుగా, మెరుపు పడకుండా ఉన్న ఒక్క క్షణం ఎంచుకోవాలి. అక్కడ ఆపి పట్టిన తెరను తిప్పి సరిచేసి, అట్ట వరకే కత్తిరించి వెతకాలి. దినపత్రికను ఫోనుతో తీసిన ఫొటోకైనా ఇదే వైద్యం. కొద్ది వాలును యంత్రాలు ఓర్చుకుంటాయి, ఎక్కువైతే చేతులెత్తేస్తాయి.

ఇన్ని చేసినా ఖాళీ చేతులతో తిరిగొచ్చే రోజులే ఎక్కువని దాచకుండా చెప్పాలి. ఈ యంత్రాలన్నీ వెతికేది తాము ముందే చూసి పెట్టుకున్న పేజీల్లోనే. వాట్సాప్ గ్రూపులు వాటికి కనిపించవు. ఫేస్‌బుక్‌లో తలుపేసుకున్న గ్రూపులూ అంతే. మన ఊరి చెరువు గట్టు తెగిందని ఈ ఉదయం ఎవరో తీసిన ఫొటో అయితే ఎక్కడా దొరకదు. దొరకకపోవడం అబద్ధానికి గుర్తు కాదు, నిజానికీ గుర్తు కాదు. ఎన్నడూ ఎక్కడా లేని దృశ్యాన్ని యంత్రంతో పుట్టించినా ఫలితం ఇలాగే ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు వెతుకులాట ఆపి ఫొటోనే చదవాలి: దుకాణం బోర్డు, బస్సు డిపో పేరు, కొండ అంచు, నీడ పడిన దిక్కు. అది వేరే విద్య.

ఇక పెద్దమ్మ. నా సోన్ న్యూయెన్ చెప్పింది చదివిన రోజే ఆమెకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. వియత్నాం, పొలం, కొత్త మనిషిని చూసి ఏడ్చిన పాప, అన్నీ. డబ్బులు పంపక్కర్లేదన్నాను. కాసేపు మాట్లాడలేదు. మోసపోయానని నొచ్చుకుందేమో అనుకున్నాను.

"అయితే సాయంత్రానికి వాళ్లమ్మ పొలం నించి వచ్చేసే ఉంటుందిలే" అంది.